గీత కిందికి దిగితే బండి వెనక్కి వస్తున్నట్టా, నెమ్మదిస్తున్నట్టా?

ప్రశ్న: సార్, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో చేరాను. స్థానం-కాలం గ్రాఫు, వేగం-కాలం గ్రాఫు చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటున్నాయి. ఎక్కడ వాలు తీయాలో, ఎక్కడ వైశాల్యం తీయాలో ప్రతిసారీ తికమక పడుతున్నాను. గీత కిందికి దిగితే బండి వెనక్కి వస్తున్నట్టా, నెమ్మదిస్తున్నట్టా? త్వరణం మైనస్ వస్తే బ్రేకు వేసినట్టేనా?

జవాబు:

ఇంటర్ చదువుతున్నావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నిలువు అక్షం పక్కన ఏం రాసి ఉందో చదవనంతవరకూ నీ ప్రశ్నకు జవాబు లేదు. అక్కడ స్థానం అని ఉంటే, దిగుతున్న గీతకు అర్థం వస్తువు వెనక్కి వస్తోందని. అక్కడ వేగం అని ఉంటే, దిగుతున్న గీతకు అర్థం వేగం విలువ తగ్గుతోందని మాత్రమే. గీత సున్నాకు పైన ఉన్నంతసేపూ బండి ముందుకే పోతోంది, ఎంత దిగుతున్నా సరే. సున్నా దాటి కిందికి వెళ్లాకే వెనక్కి తిరిగినట్టు. ఇక చివరి ప్రశ్నకు జవాబు: కాదు. త్వరణం మైనస్ ఉండగానే బండి వేగం పుంజుకోవచ్చు. ఇది వింతగా అనిపిస్తే అనిపించనీ, కింద ఒక లిఫ్టును నడిపిస్తాను, అందులో నీకే కనిపిస్తుంది.

లిఫ్టునే ఎందుకు తీసుకున్నానంటే అది ఒకే గీత మీద పైకీ కిందికీ నడుస్తుంది, మధ్యలో ఆగుతుంది, చివరికి మన లెక్క తప్పో ఒప్పో అంతస్తులు లెక్కపెట్టి తేల్చుకోవచ్చు. అంతస్తుకు 3 మీటర్ల ఎత్తున్న అపార్ట్‌మెంటు అనుకో. పైకి ప్లస్, కిందికి మైనస్ అని ముందే కాగితం మీద రాసిపెట్టుకో. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్లే గుర్తుల గందరగోళంలో సగం పుడుతుంది.

లిఫ్టు గ్రౌండ్ ఫ్లోర్‌లో నిలబడి ఉంది. బటన్ నొక్కగానే కదిలి, మొదటి 2 సెకన్లలో వేగం సున్నా నుంచి సెకనుకు 1 మీటరుకు చేరింది. 2వ సెకను నుంచి 9వ సెకను దాకా అదే వేగంతో పైకి పోయింది. 9 నుంచి 11 లోపు వేగం తగ్గిస్తూ వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకుని, ఎక్కేవాళ్లు ఎక్కి, మళ్లీ మూసుకునేసరికి 16వ సెకను అయింది. ఈసారి కిందికి బయల్దేరింది. 18వ సెకనుకల్లా సెకనుకు 1 మీటరు వేగం అందుకుంది, కాకపోతే కిందికి కాబట్టి −1. 22 దాకా అలాగే దిగి, 24వ సెకనుకు ఆగిపోయింది.

ముందు దీని వేగం-కాలం గ్రాఫు గీద్దాం. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. (0, 0) నుంచి (2, 1) దాకా ఎక్కే గీత. అక్కణ్ణుంచి (9, 1) దాకా అడ్డంగా పోయే గీత. తర్వాత (11, 0) దాకా దిగే గీత. 11 నుంచి 16 దాకా గీత సున్నా మీదే పాకుతుంది. 16 నుంచి అక్షం కిందికి దిగి (18, −1) చేరుతుంది, (22, −1) దాకా అడ్డంగా పోతుంది, మళ్లీ పైకి ఎక్కి (24, 0) దగ్గర అక్షాన్ని తాకుతుంది. అక్షానికి పైన ఒక ట్రెపీజియం, కింద బోర్లించిన ఇంకో చిన్న ట్రెపీజియం. ఇది చదివి వదిలేయకు, గళ్ల కాగితం మీద నిజంగా గియ్యి. అడ్డంగా ఒక గడికి 2 సెకన్లు, నిలువుగా ఒక గడికి సెకనుకు 0.5 మీటరు పెట్టుకో.

ఇప్పుడు స్థానభ్రంశం. 2 నుంచి 9 దాకా ఉన్న ముక్క తేలిక: సెకనుకు 1 మీటరు చొప్పున 7 సెకన్లు పోతే 7 మీటర్లు. నువ్వు వేగాన్ని కాలంతో గుణించావు, అంటే ఆ దీర్ఘచతురస్రం ఎత్తును వెడల్పుతో గుణించావు. వైశాల్యం అన్న మాట ఇక్కణ్ణుంచే వచ్చింది, దీని వెనక రహస్యమేమీ లేదు. మొదటి 2 సెకన్లలో వేగం మారుతూ ఉంది కాబట్టి ఒక్క గుణకారంతో పని అవదు. అయినా ఆ 2 సెకన్లను చాలా సన్నని నిలువు పట్టీలుగా కోసి చూడు. ఒక్కో పట్టీలో వేగం దాదాపు మారదు, కాబట్టి ఒక్కో పట్టీ వైశాల్యం ఆ కాస్త సమయంలో పైకి వెళ్లిన దూరం. పట్టీలన్నీ కలిపితే త్రిభుజం: సగం × 2 × 1 = 1 మీటరు. ఆగే ముందు 9 నుంచి 11 దాకా ఇంకో త్రిభుజం, అదీ 1 మీటరే. మొత్తం 1 + 7 + 1 = 9 మీటర్లు. అంతస్తుకు 3 మీటర్లు కాబట్టి లిఫ్టు ఆగింది మూడో అంతస్తులో.

అక్షం కింద ఉన్న ముక్కకూ ఇదే లెక్క. త్రిభుజం 1, దీర్ఘచతురస్రం 4, త్రిభుజం 1, మొత్తం 6. కానీ అది సున్నాకు కింద ఉంది కాబట్టి −6. స్థానభ్రంశం 9 − 6 = 3 మీటర్లు, అంటే లిఫ్టు చివరికి ఉన్నది మొదటి అంతస్తులో. అదే దూరం ఎంత అని అడిగితే గుర్తు వదిలేసి 9 + 6 = 15 మీటర్లు. పరీక్షలో ఒకే గ్రాఫు మీద స్థానభ్రంశం ఒక బిట్టుగా, దూరం ఇంకో బిట్టుగా అడగడానికి బాగా ఇష్టపడతారు. రెండింటికీ జవాబు వేర్వేరుగా రావాలంటే గీత ఎక్కడో ఒకచోట సున్నా దాటి తీరాలి. దాటకపోతే రెండిటి పరిమాణమూ ఒకటే.

గడులు లెక్కపెట్టే పద్ధతిలోనూ సరిచూసుకో. నీ కాగితం మీద ఒక గడి వెడల్పు 2 సెకన్లు, ఎత్తు సెకనుకు 0.5 మీటరు, కాబట్టి ఒక్కో గడి విలువ 2 × 0.5 = 1 మీటరు. అందుకే ఆ స్కేలు పెట్టుకోమన్నాను. పుస్తకంలో ఇచ్చిన గ్రాఫులో గడి విలువ 5 మీటర్లో 20 మీటర్లో ఉండొచ్చు, అక్కడ గడులు లెక్కపెట్టి ఆ సంఖ్యనే జవాబుగా రాసేస్తే మొత్తం పోతుంది. గీత వంకరగా ఉన్నప్పుడు ఈ త్రిభుజం, దీర్ఘచతురస్రం సూత్రాలు పనికిరావు, గడులే దిక్కు. సగానికి పైగా లోపల ఉన్న గడిని ఒకటిగా లెక్కించు, సగం కన్నా తక్కువ ఉన్నదాన్ని వదిలెయ్యి.

ఇక్కడ ఒక పరిమితి కూడా ఉంది. వైశాల్యం నీకు చెప్పేది ఎంత జరిగిందనే తప్ప, ఎక్కడ ఉందని కాదు. ఇదే లిఫ్టు గ్రౌండ్ ఫ్లోర్ నుంచి కాక సెల్లార్ పార్కింగ్ నుంచి, అంటే −3 మీటర్ల నుంచి బయల్దేరి ఉంటే వేగం-కాలం గ్రాఫు అచ్చం ఇలాగే ఉండేది. వైశాల్యమూ 3 మీటర్లే. కానీ చివరికి లిఫ్టు ఉండేది గ్రౌండ్ ఫ్లోర్‌లో. కాబట్టి 24వ సెకనులో స్థానం ఎంత అని అడిగితే, మొదట ఎక్కడుందో ప్రశ్నలో వెతుక్కుని దానికి వైశాల్యాన్ని కలపాలి.

ఇప్పుడు త్వరణం, అదే గ్రాఫులోంచి. వేగం-కాలం గీత వాలే త్వరణం. మొదటి ముక్కలో వేగం 0 నుంచి 1కి పెరిగింది, పట్టిన సమయం 2 సెకన్లు, కాబట్టి త్వరణం +0.5 మీ/సె². అడ్డంగా ఉన్న ముక్కల్లో వాలు సున్నా, త్వరణం సున్నా. 9 నుంచి 11 దాకా (0 − 1) ÷ 2 = −0.5. ఇంతవరకూ నీకు అలవాటైనదే, ఆగడానికి మైనస్ వచ్చింది.

16 నుంచి 18 దాకా చూడు. వేగం 0 నుంచి −1కి వెళ్లింది. (−1 − 0) ÷ 2 = −0.5. లిఫ్టు ఇక్కడ బ్రేకు వేయడం లేదు, అప్పుడే కదిలి వేగం పుంజుకుంటోంది. అయినా త్వరణం మైనస్. 22 నుంచి 24 దాకా లిఫ్టు ఆగబోతోంది, కానీ (0 − (−1)) ÷ 2 = +0.5. ఆగుతుంటే ప్లస్!

త్వరణం గుర్తు ఒక్కటీ చూసి నెమ్మదిస్తోందని చెప్పేయకూడదు. దాన్ని వేగం గుర్తు పక్కన పెట్టి చూడాలి. రెండింటి గుర్తూ ఒకటే అయితే వడి పెరుగుతోంది, గుర్తులు వేరైతే తగ్గుతోంది. గ్రాఫులో అయితే ఇంకా సులువు: గీత సున్నా అక్షానికి దూరంగా జరుగుతుంటే వడి పెరుగుతున్నట్టు, దగ్గరవుతుంటే తగ్గుతున్నట్టు. ఏ పక్కనుంచి అన్నది అనవసరం.

మూడో అంతస్తులో ఆగబోతున్నప్పటి త్వరణం, అక్కణ్ణుంచి కిందికి బయల్దేరినప్పటి త్వరణం ఒకటే అనేది కాగితం మీది మాట మాత్రమే కాదు, లిఫ్టులో నిలబడితే ఒంటికి తెలుస్తుంది. రెండుసార్లూ ఒళ్లు కాస్త తేలికైనట్టు, కడుపులో జారినట్టు ఉంటుంది. బరువు తూచే మిషన్ లిఫ్టులో పెట్టి 60 కిలోల మనిషి ఎక్కితే, ఈ రెండు సందర్భాల్లోనూ అది దాదాపు 57 చూపిస్తుంది. పైకి బయల్దేరినప్పుడూ, కింద ఆగబోతున్నప్పుడూ 63 చూపిస్తుంది. నడుస్తున్నది పైకో కిందికో ఆ మిషన్‌కు తెలియదు, దానికి తెలిసేది త్వరణం ఒక్కటే. స్థిరమైన వేగంతో పోతున్న 7 సెకన్లూ అది 60 దగ్గరే ఉంటుంది.

మూడో అంతస్తులో ఎవరూ ఎక్కకుండా, 5 సెకన్లు ఆగకుండా లిఫ్టు వెంటనే కిందికి తిరిగిందనుకో. అప్పుడు 9 నుంచి 11 దాకా దిగిన గీత, ఆ తర్వాతి గీత కలిసిపోయి +1 నుంచి −1 దాకా 4 సెకన్లపాటు ఒకే తిన్నని గీత అవుతుంది. అది సున్నాను దాటే క్షణంలో వేగం సున్నా, త్వరణం మాత్రం −0.5. పైకి విసిరిన బంతి శిఖరాన ఉన్నప్పుడు జరిగేదీ ఇదే, అక్కడ వేగం సున్నా, త్వరణం −9.8. శిఖరం దగ్గర త్వరణం సున్నా అని రాసేవాళ్లు గీత సున్నాను దాటడానికీ సున్నా మీద పడుకోవడానికీ తేడా చూడనివాళ్లు. లిఫ్టు తలుపులు తెరుచుకున్న 5 సెకన్లలో గీత సున్నా మీద పడుకుంది, అప్పుడు వేగమూ సున్నానే, త్వరణమూ సున్నానే.

ఇప్పుడు ఇదే ప్రయాణానికి స్థానం-కాలం గ్రాఫు. పైన లెక్కకట్టిన వైశాల్యాలనే ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే స్థానాలు వస్తాయి: 2వ సెకనుకు 1 మీటరు, 9వ సెకనుకు 8, 11కి 9. 16 దాకా 9 దగ్గరే. 18కి 8, 22కి 4, 24కి 3. ఈ చుక్కలు పెట్టు. 2 నుంచి 9 దాకా తిన్నని ఏటవాలు గీత, 18 నుంచి 22 దాకా తిన్నగా దిగే గీత, 11 నుంచి 16 దాకా అడ్డగీత. మిగతా నాలుగు ముక్కలూ వంపులు.

స్థానం-కాలం గ్రాఫులో స్థానభ్రంశానికి వైశాల్యంతో పని లేదు. చివరి ఎత్తులోంచి మొదటి ఎత్తు తీసేయడమే: 3 − 0 = 3. ఇంత సులువుగా రావడం వల్లనేమో, పిల్లలు నమ్మలేక ఇక్కడా వైశాల్యం కడతారు. మీటర్లను సెకన్లతో గుణిస్తే వచ్చేది మీటరు-సెకను, నీ పాఠంలో దానికి ఏ పనీ లేదు. వాలు తీయాలా, వైశాల్యమా అని అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ యూనిట్ల పరీక్ష చెయ్యి. రెండు అక్షాల యూనిట్లూ గుణించు, భాగించు, నీకు కావాల్సిన యూనిట్ ఎందులో వస్తే అదే దారి. మీ/సె ను సెకన్లతో గుణిస్తే మీటర్లు, అందుకే అక్కడ వైశాల్యం స్థానభ్రంశం. మీ/సె ను సెకన్లతో భాగిస్తే మీ/సె², అందుకే అక్కడ వాలు త్వరణం. మీటర్లను సెకన్లతో భాగిస్తే మీ/సె, అందుకే స్థానం-కాలం గ్రాఫులో వాలు వేగం. బట్టీ పట్టే అవసరం లేదు.

వాలు తీసేటప్పుడు ఎక్కువమంది ఒకచోట జారిపడతారు. 5వ సెకనులో వేగం ఎంత అంటే, గ్రాఫులో 5 దగ్గర స్థానం 4 మీటర్లు ఉంది కదా అని 4 ÷ 5 = 0.8 అని రాసేస్తారు. అది తప్పు, ఆ క్షణంలో లిఫ్టు సెకనుకు 1 మీటరు వేగంతో పోతోంది. 4 ÷ 5 చేస్తే వచ్చేది బయల్దేరినప్పటి నుంచి అప్పటిదాకా సగటు వేగం, అందులో నెమ్మదిగా కదిలిన మొదటి రెండు సెకన్లూ కలిసి ఉన్నాయి. వాలు కావాలంటే ఆ తిన్నని గీత మీదే రెండు చుక్కలు తీసుకుని తేడాలు భాగించాలి: 5 దగ్గర 4, 9 దగ్గర 8, కాబట్టి (8 − 4) ÷ (9 − 5) = 1. చుక్కలు ఎంత దూరంగా తీసుకుంటే చదవడంలో వచ్చే పొరపాటు అంత తగ్గుతుంది. ఎత్తును కాలంతో నేరుగా భాగిస్తే వాలు వచ్చేది ఆ గీత మూలబిందువు నుంచి తిన్నగా బయల్దేరినప్పుడే. మన గీతను వెనక్కి పొడిగించి చూడు, అది కాలం అక్షాన్ని తాకేది 1వ సెకను దగ్గర, 0 దగ్గర కాదు.

18 నుంచి 22 దాకా (4 − 8) ÷ (22 − 18) = −1. గీత దిగుతోంది, వేగం మైనస్, లిఫ్టు కిందికి వస్తోంది. కానీ గమనించు, అప్పుడు కూడా లిఫ్టు గ్రౌండ్ ఫ్లోర్ పైనే ఉంది, స్థానం ప్లస్సే. స్థానం గుర్తు వేరు, వేగం గుర్తు వేరు.

వంపుల్లో వాలు క్షణక్షణానికీ మారుతుంది. అక్కడ స్పర్శరేఖ గీసి దాని వాలు తీయాలి. మొదటి వంపులో 1వ సెకనుకు స్థానం 0.25 మీటరు, 2వ సెకనుకు 1 మీటరు. 1వ సెకను దగ్గర వంపును తాకుతూ స్కేలుతో గీత గీస్తే దాని వాలు 0.5 రావాలి, ఎందుకంటే వేగం-కాలం గ్రాఫు ఆ క్షణంలో 0.5 అనే చెబుతోంది. రాకపోతే స్పర్శరేఖ సరిగ్గా పడలేదు. స్కేలు వంపును కోస్తూ పోకూడదు, ఆనుకుని ఉండాలి, చుక్కకు రెండు పక్కలా వంపుకీ స్కేలుకీ మధ్య ఖాళీ సమానంగా కనిపించాలి. 2వ సెకను దగ్గర వంపు తిన్నని గీతలోకి మెత్తగా కలిసిపోవాలి. అక్కడ మొన తేలితే వేగం ఒక్క క్షణంలో ఎగిరి దూకిందని అర్థం, ఏ లిఫ్టూ అలా దూకదు.

ఇదే గ్రాఫులో త్వరణాన్ని అంకెతో సహా చెప్పడం కష్టం, గుర్తు చెప్పడం మాత్రం ఒక చూపుతో అయిపోతుంది. వంపు నోరు పైకి తెరిచి గిన్నెలా ఉంటే త్వరణం ప్లస్, గిన్నె బోర్లిస్తే మైనస్. మూడో అంతస్తు దగ్గర 9-11 వంపు, 16-18 వంపు రెండూ బోర్లించిన గిన్నె సగాలే. మొదటిదీ చివరిదీ నిలబెట్టిన గిన్నె సగాలు. పైన అంకెలతో తేల్చిన నాలుగు గుర్తులూ ఇక్కడ ఆకారంలోనే ఉన్నాయి.

ఇంకో జాగ్రత్త. లిఫ్టు కాబట్టి స్థానం గ్రాఫు ఎక్కితే లిఫ్టూ ఎక్కింది, సరిపోయింది. రోడ్డు మీద పోయే బండికి ఇలా సరిపోదు. చదునైన రోడ్డు మీద పోతున్న బండి స్థానం-కాలం గ్రాఫు కూడా ఏటవాలుగా ఎక్కుతుంది, అది చూసి బండి గుట్ట ఎక్కుతోందనుకుంటే మొత్తం తలకిందులవుతుంది. గ్రాఫు దారి బొమ్మ కాదు.

నిజంగా కొలిచిన అంకెలతో పని ఎలా ఉంటుందో చూద్దామంటే ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తినప్పటి లెక్కలు మంచివి. ప్రతి 10 మీటర్లకూ సమయం నమోదైంది: 10 మీటర్లకు 1.89 సెకన్లు, 20కి 2.88, 30కి 3.78, 40కి 4.64, 50కి 5.47, 60కి 6.29, 70కి 7.10, 80కి 7.92, 90కి 8.75, 100కి 9.58. కాలం అడ్డంగా, స్థానం నిలువుగా పెట్టి చుక్కలు కలుపు. మొదట గిన్నెలా వంగి, సగం దాటాక దాదాపు తిన్నని గీత అయిపోతుంది.

మొత్తం మీద సగటు వేగం 100 ÷ 9.58, అంటే సెకనుకు 10.44 మీటర్లు. కానీ 60 నుంచి 70 మీటర్ల ముక్క వాలు 10 ÷ 0.81 = 12.35. మొదటి 10 మీటర్ల ముక్క వాలు 10 ÷ 1.89 = 5.29 మాత్రమే, అందులో తుపాకీ పేలాక కదలడానికి పట్టిన 0.146 సెకను కూడా ఉంది. ఆ ముక్కలో గ్రాఫు సున్నా మీద కాసేపు పడుకుని, ఆ తర్వాత లేస్తుందన్నమాట. ఒక్క పరుగులోనే 5.29, 10.44, 12.35 మూడూ దొరికాయి. అందుకే వేగం ఎంత అని ఎవరైనా అడిగితే, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అని తిరిగి అడగాలి.

ఇక ఇందులోంచి త్వరణం తీద్దామనుకుంటే చిక్కు మొదలవుతుంది. 50-60 ముక్కకు 0.82 సెకను, 60-70 ముక్కకు 0.81. వేగాలు 12.20, 12.35. పెరిగింది కదా, త్వరణం ప్లస్ అనేస్తామా? సమయాలు సెకనులో నూరో వంతు దాకే ఇచ్చారు. ఆ నూరో వంతు తేడాతోనే ఈ రెండు వేగాలూ వేరయ్యాయి. చివరి అంకె ఒక్కటి అటూ ఇటూ అయితే పెరుగుదల మాయమవుతుంది. వాలు తీసినప్పుడు కొలతలోని చిన్న పొరపాటు పెద్దదవుతుంది, వాలుకు మళ్లీ వాలు తీస్తే ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి ఈ పట్టిక నుంచి 20వ మీటరు దాకా గట్టిగా త్వరణం ఉందనీ, 60 దాటాక వేగం దాదాపు స్థిరంగా ఉండి చివర్లో 12.05కి కొంచెం తగ్గిందనీ చెప్పగలం. అంతకు మించి దశాంశాలు రాయడం దండగ. వైశాల్యంలో పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం, అక్కడ పైకీ కిందికీ వచ్చే చిన్న పొరపాట్లు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

నీ అపార్ట్‌మెంటు లిఫ్టుతో ఇదంతా స్వయంగా చూడాలంటే ఫోన్ చాలు. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన phyphox అనే ఉచిత యాప్ ఉంది. అందులో Elevator అనే ప్రయోగం తెరిచి, స్టార్ట్ నొక్కి, ఫోన్‌ను లిఫ్టు నేల మీద కదలకుండా పెట్టు. ఎత్తు, నిలువు వేగం, నిలువు త్వరణం, మూడు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఎత్తును అది గాలి ఒత్తిడి నుంచి లెక్కిస్తుంది కాబట్టి ఫోన్‌లో బారోమీటర్ ఉండాలి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండదు. మీటరు ఎత్తుకు ఒత్తిడి తగ్గేది దాదాపు 0.12 హెక్టాపాస్కల్, అంత చిన్న తేడాను పట్టుకోవాలి మరి.

వచ్చే గ్రాఫులు మనం గీసినంత నున్నగా ఉండవు. ఎత్తు గీత కొంచెం వణుకుతుంది, దాని వాలుగా వచ్చే వేగం గీత ఇంకా ఎక్కువ వణుకుతుంది, కారణం బోల్ట్ దగ్గర చెప్పిందే. త్వరణం గ్రాఫు మాత్రం ఎత్తు నుంచి రాదు, ఫోన్‌లోని వేరే సెన్సర్ నేరుగా ఇస్తుంది, కాబట్టి అది శుభ్రంగానే ఉంటుంది. బయల్దేరినప్పుడు ఒక దిబ్బ, ఆగేటప్పుడు ఒక గుంట కనిపిస్తాయి, కిందికి దిగేటప్పుడు ముందు గుంట, తర్వాత దిబ్బ. మన లెక్కలో త్వరణం ఠక్కున 0.5కి ఎగిరి ఠక్కున సున్నా అయింది. అసలు లిఫ్టులో ఆ దిబ్బ అంచులు ఏటవాలుగా ఉంటాయి, ఎక్కినవాళ్లకు కుదుపు తెలియకుండా మోటారును అలా నడుపుతారు. దాంతో వేగం-కాలం గ్రాఫులో మన ట్రెపీజియం మూలలు గుండ్రబడతాయి, అప్పుడు త్రిభుజం సూత్రం వదిలేసి గడులు లెక్కపెట్టుకోవాలి. తలుపులు తెరుచుకున్నప్పుడు ఎత్తు గీత ఒక్కసారిగా కొద్దిగా ఎగిరితే, లిఫ్టు కదిలిందనుకోకు. గాలి విసురుకు ఒత్తిడి మారి ఉంటుంది. అదే క్షణంలో త్వరణం గ్రాఫు నిశ్చలంగా ఉంటే అది గాలి పనే.